ఆకుపచ్చ నరాలు, రెండు సీసాలు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది కాకినాడ, ఉద్యోగం హైదరాబాద్‌లో. నాకు 28 ఏళ్లు, చామనచాయ. వచ్చే నెలలో తమ్ముడి పెళ్లి. ఫౌండేషన్ కొందామని ఆన్‌లైన్‌లో వెతికితే ముందు అండర్‌టోన్, అంటే చర్మం రంగు ఎటు మొగ్గుతుందో తెలుసుకోమన్నారు. పసుపు వైపైతే వార్మ్, గులాబీ వైపైతే కూల్ అట. మణికట్టు దగ్గర నరాలు చూసుకుంటే ఆకుపచ్చగా కనిపించాయి. అంటే వార్మ్ అట. 1,150 రూపాయలు పెట్టి వార్మ్ షేడ్ తెప్పించాను. ఆఫీసుకు చేరేసరికి ముఖం నారింజ రంగుకు తిరిగింది. మా వదిన నా మెడలో ఒకసారి బంగారం గొలుసు, ఒకసారి వెండి గొలుసు పెట్టి చూసి వెండే నప్పుతోందని, నేను కూల్ అని తేల్చింది. షాపులో అమ్మాయి కూడా అవునని కూల్ షేడ్ ఇచ్చింది. అది వేసుకుంటే బూడిద రాసుకున్నట్టుంది. ఇప్పుడేమో అమ్మ పెళ్లికి నాకు 22 క్యారెట్ల హారం చేయిస్తానంటోంది. బంగారం నాకు నప్పదేమో, రోజ్ గోల్డ్ అడగాలేమో అని టెన్షన్‌గా ఉంది. వారానికి రెండుసార్లు ముఖానికి శనగపిండి, పసుపు పెడతాను. రోజూ స్కూటీ మీద ఆఫీసుకు వెళ్తాను. నరాలు ఒకటి, గొలుసు ఇంకొకటి ఎందుకు చెప్తున్నాయి? దేన్ని నమ్మాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: రెండింటినీ పక్కన పెట్టండమ్మా. నరాల పరీక్ష మీ చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం ఎంత ఉందో, నరం ఎంత లోతులో ఉందో చెప్పింది. గొలుసు పరీక్ష ఆ గదిలో లైటు ఎలా ఉందో, మీ వదిన కంటికి ఏది కొత్తగా కనిపించిందో చెప్పింది. రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు, కాబట్టి అవి కలవలేదు. మీరు చెప్పిన నారింజ, బూడిద అనే రెండు మాటలు మాత్రం నాకు చాలా పనికొచ్చాయి. వాటి దగ్గరికి తర్వాత వస్తాను. పెళ్లికూతుళ్లకు మేకప్ చేయడం మొదలుపెట్టి నాకు ఇరవై ఏళ్లు దాటింది. మొదటి నాలుగైదేళ్లు నేను కూడా మణికట్లు తిప్పి చూసినదాన్నే. ఎందుకు మానేశానో చెప్తాను.

ముందు నరాల సంగతి. మనం వాడుకలో నరాలంటాం గానీ, మణికట్టు దగ్గర కనిపించేవి సిరలు, అంటే రక్తాన్ని గుండెకు తిరిగి మోసుకెళ్లే గొట్టాలు. వాటిలో ఉండేది ముదురు ఎరుపు రక్తం. నీలం రక్తం, ఆకుపచ్చ రక్తం ఎవరి ఒంట్లోనూ లేవు. మరి ఆ రంగు ఎక్కడిది?

చర్మం మీద పడిన వెలుతురులో కొంత లోపలికి దిగి, అక్కడ చెదిరి, మళ్లీ పైకి వస్తుంది. ఆ తిరిగి వచ్చిన వెలుతురే మనకు చర్మం రంగుగా కనిపిస్తుంది. ఎరుపు కాంతి కొన్ని మిల్లీమీటర్ల లోతుకు దిగగలదు. నీలం కాంతి అంత దూరం పోలేదు, పై పొరల్లోనే ఆగిపోతుంది. సిర సుమారు అర మిల్లీమీటరు లోతులోనో, ఇంకా కిందో ఉంటుంది. నీలం అక్కడిదాకా చేరడమే తక్కువ కాబట్టి సిర మీదైనా, పక్కనున్న చర్మం మీదైనా తిరిగొచ్చే నీలం దాదాపు ఒకటే. ఎరుపు మాత్రం సిరదాకా వెళ్తుంది, అక్కడి రక్తం దానిలో కొంత మింగేస్తుంది. దాంతో సిర ఉన్న గీత వెంట ఎరుపు తగ్గుతుంది. చుట్టూ ఎరుపు ఎక్కువగా ఉన్న చర్మం, మధ్యలో ఎరుపు తగ్గిన గీత. మన కన్ను ఏ రంగునూ విడిగా చూడదు, పక్కదానితో పోల్చి చూస్తుంది. ఆ ఎరుపు తగ్గిన గీతనే నీలంగానో ఆకుపచ్చగానో చదువుకుంటుంది. ఆల్విన్ కీన్లే అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1996లో ఈ విషయాన్ని కొలతలతో వివరించారు. సిర ఎంత లోతులో ఉంది, ఎంత లావుంది, దానిలోని రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉంది, చూసే కన్ను రంగును ఎలా గ్రహిస్తుంది అన్నవాటి మీద కనిపించే రంగు ఆధారపడుతుందని వాళ్లు చూపించారు.

ఇది మీరు ఇంట్లోనే చూడొచ్చు. నల్ల చార్టు ముక్కకు అగ్గిపుల్ల దూరేంత రంధ్రం ఒకటి చేయండి. మీకు బాగా ఆకుపచ్చగా కనిపించే నరం మీద ఆ రంధ్రం సరిగ్గా కూర్చునేలా కాగితం పరిచి, కిటికీ దగ్గర పైనుంచి చూడండి. పక్కనున్న చర్మం కనబడకుండా పోయేసరికి ఆ చుక్కలో ఆకుపచ్చ ఉండదు, మసకబారిన గోధుమ రంగు ఉంటుంది. నేను నా మణికట్టును ఫోన్‌తో ఫొటో తీసి, ఎడిటింగ్ యాప్‌లో రంగు అంకెలు చూపించే పిక్కర్‌తో కూడా చూశాను. నరం పక్క చర్మం దగ్గర ఎరుపు 176, ఆకుపచ్చ 128, నీలం 100 వచ్చాయి. నరం మీద ఎరుపు 150, ఆకుపచ్చ 117, నీలం 94. చూశారా, నరం మీద కూడా ఎక్కువ ఉన్నది ఎరుపే. 26 పాయింట్లు పడిపోవడం వల్ల అది నా కంటికి ఆకుపచ్చ అయింది.

ఇప్పుడు అసలు ముడి విప్పుతాను. నీలం నరాలు కూల్, ఆకుపచ్చ నరాలు వార్మ్ అన్న సూత్రం తెల్లటి చర్మాన్ని చూసి చెప్పుకున్నది. అండర్‌టోన్‌ను బట్టి రంగులు ఎంచుకోవడం 1980ల్లో అమెరికాలో బాగా ప్రచారంలోకి వచ్చింది. మన చర్మంలో మెలనిన్ ఎక్కువ. అది పై పొరలోనే, అంటే నరం కంటే చాలా పైన ఉంటుంది. మెలనిన్ అన్ని రంగుల కాంతినీ మింగుతుంది గానీ నీలాన్ని మరీ ఎక్కువ మింగుతుంది. దాంతో చామనచాయ చర్మం నుంచి తిరిగొచ్చే వెలుతురులో నీలం మొదటే తక్కువ. దానిలోంచి నరం ఎరుపును తగ్గిస్తే మిగిలింది ఆకుపచ్చకు దగ్గరగా కనబడక ఇంకేం కనబడుతుంది? ఇంకా ముదురు చర్మమైతే నరమే కనబడదు. అందుకే మనవాళ్లలో చాలామందికి ఈ పరీక్ష ఒకే జవాబు చెప్తుంది: ఆకుపచ్చ, కాబట్టి వార్మ్. అది చర్మం ఎంత ముదురో చెప్తోంది. చర్మం పసుపు వైపు మొగ్గిందా, ఎరుపు వైపు మొగ్గిందా అన్నది వేరే ప్రశ్న.

ఒకే చేతిమీద కూడా ఈ పరీక్ష నిలబడదు. మణికట్టు దగ్గర లావు నరం, దాని పక్కనే సన్నటి నరాలు చూడండి. ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం, ఒకటి ఊదా అనిపించవచ్చు. చెయ్యి తల మీదికి ఒక నిమిషం ఎత్తి పట్టుకుంటే నరాలు సగం మాయమవుతాయి. కిందికి వేలాడేస్తే ఉబ్బి ముదురుగా తేలుతాయి. వేడినీళ్ల స్నానం తర్వాత ఒకలా, ఏసీ గదిలో ఒకలా ఉంటాయి. ఆ కాస్త సమయంలో మీ ఫౌండేషన్ షేడ్ మారిపోదు కదా. పైగా మణికట్టు లోపలివైపు ఎండ తగలదు, పసుపు పెట్టరు. మీ ముఖానికి రెండూ తగులుతున్నాయి. ముఖానికి రంగు కొనేటప్పుడు ఆ మణికట్టును అడగడం ఎందుకు?

ఇక గొలుసు. ఈ పరీక్షలో మూడు నాలుగు విషయాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉంటాయి.

మొదటిది లైటు. నగల షాపులో బంగారం కౌంటర్ మీద పసుపు మొగ్గున్న వెచ్చటి లైట్లు పెడతారు, వజ్రాలు, వెండి పెట్టేచోట తెల్లటి లైట్లు పెడతారు. బంగారం పసుపుగా, వెండి, వజ్రం తళతళలాడుతూ కనబడాలి కాబట్టి. ఆ లైటు సరుకు మీదే కాదు, మీ మెడ మీద, ముఖం మీద కూడా పడుతుంది. మీరు అద్దంలో చూసేది ఆ లైటు కలిసిన చర్మాన్ని. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద చూసినా అంతే. చాలా ఎల్‌ఈడీ బల్బుల వెలుతురులో ముదురు ఎరుపు తక్కువగా ఉంటుంది, దాంతో చర్మం పాలిపోయినట్టు కనిపిస్తుంది. అలాంటి గదిలో పచ్చటి బంగారం ముఖాన్ని ఇంకా పచ్చగా చూపించి, వెండి మేలనిపించవచ్చు. మీ వదిన ఏ గదిలో, ఏ పూట చూసిందో మీరు రాయలేదు. రాత్రి భోజనాల తర్వాత కబుర్లలో చూసుంటే మాత్రం ఆ తీర్పును లెక్కలోంచి తీసేయండి.

మన అమ్మమ్మలకు ఈ సంగతి బాగా తెలుసు. చీర కొనేటప్పుడు మడత విప్పి, ‘‘బాబూ, ఒకసారి గుమ్మం దగ్గరికి తీసుకురా’’ అని వెలుతురులో చూసేవాళ్లు. లోపల మెరూన్ అనుకున్నది బయటికొస్తే వంకాయ రంగు కావడం వాళ్లు కళ్లారా చూశారు. చర్మానికీ అదే వర్తిస్తుంది.

రెండోది లోహం. బంగారం అంటే ఏ బంగారం? 22 క్యారెట్లంటే వందలో 91.6 పాళ్లు బంగారం, మిగతాది ఎక్కువగా రాగి, వెండి. ఆ మిగతాదానిలో రాగి ఎక్కువైతే నగ కాస్త ఎర్రగా, వెండి ఎక్కువైతే లేత పసుపుగా వస్తుంది. రోజ్ గోల్డ్ సాధారణంగా 18 క్యారెట్లు, అంటే 75 పాళ్లు బంగారం. అందులో రాగి బాగా కలుపుతారు. వన్ గ్రామ్ గోల్డ్ గొలుసు రంగు దాని పూతను బట్టి ఉంటుంది. వెండి కూడా అంతే. మెరుగు పెట్టిన వెండి అద్దంలా ఉంటుంది, నాలుగు నెలలు డబ్బాలో ఉన్నది నల్లబడి ఉంటుంది. ‘బంగారమా, వెండా’ అని అడిగినప్పుడు అసలు పోటీ తళతళలాడే నగకూ, మసకబారిన నగకూ మధ్య జరిగి ఉండవచ్చు. అదీగాక లోహం అద్దం లాంటిది. పక్కనున్న జాకెట్టు రంగునూ, గోడ రంగునూ తనలో చూపిస్తుంది.

మూడోది పోలిక. పారిస్‌లోని గోబెలాన్ నేతశాలలో అద్దకం విభాగానికి మిషెల్ షెవ్రుల్ అనే రసాయన శాస్త్రవేత్త అధిపతిగా ఉండేవాడు. అక్కడ నల్లదారం సరిగా నల్లగా ఉండట్లేదని ఫిర్యాదులు వచ్చాయి. ఆయన పరీక్షించి చూస్తే అద్దకంలో లోపం లేదు. పక్కన నేసిన నీలం, ఊదా దారాల వల్ల ఆ నలుపు వెలిసినట్టు కనిపిస్తోంది. పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాన్నొకటి ఎలా మార్చి చూపిస్తాయో ఆయన 1839లో వివరంగా ప్రచురించాడు. మీ మెడలో జరిగింది కూడా ఇలాంటిదే. గొలుసు పక్కనున్న చర్మం రంగు మీ కంటికి కొద్దిగా మారుతుంది. ఎటు మారుతుందన్నది గొలుసు వెడల్పు, జాకెట్టు రంగు, మెడ ఎంత తెరిచి ఉంది అన్నవాటిని బట్టి ఉంటుంది. సన్నటి గొలుసుతో ఒక ఫలితం, కంటెతో మరో ఫలితం వస్తాయి.

నాలుగోది అలవాటు, మన విషయంలో ఇది చాలా పెద్దది. పుట్టిన దగ్గర్నుంచి మన కంటికి మెడలో బంగారం, కాళ్లకు వెండి అలవాటు. పట్టీలు, మెట్టెలు వెండివి. నడుము పైన వెండి కనిపిస్తే కొందరికి వెలితిగా అనిపిస్తుంది, కొందరికి కొత్తగా, స్టైల్‌గా అనిపిస్తుంది. మీ వదినకు రెండోది అనిపించి ఉంటుంది. తెలంగాణ తండాల్లో లంబాడా పెద్దవాళ్లు తరతరాలుగా ఒంటినిండా వెండి వేసుకున్నారు. తెల్లగా ఉన్నవాళ్లూ, నల్లగా ఉన్నవాళ్లూ, పసిమి ఛాయవాళ్లూ అందరూ వేసుకున్నారు, అందరికీ అందంగా ఉంది. ఆ ఇళ్లలో ఈ పరీక్ష పెడితే చూసేవాళ్ల కంటికి ఏది నిండుగా అనిపిస్తుందో మీరే ఊహించండి.

ఇంత చెప్పాక అసలు అండర్‌టోన్ అనేది ఉందా అని మీరు అడగొచ్చు. ఉంది. మన భాషలోనే దానికి ఆనవాళ్లున్నాయి. చామనచాయ అన్నప్పుడు ముదురు, లేత సంగతి చెప్తున్నాం. పసిమి ఛాయ అన్నప్పుడు దాని మొగ్గు చెప్తున్నాం. చర్మంలో మెలనిన్, రక్తంలోని హిమోగ్లోబిన్, ఆహారం నుంచి వచ్చే కెరోటిన్, ఈ మూడింటి పాళ్లు మనిషికీ మనిషికీ మారతాయి, ఆ పాళ్లను బట్టి మొగ్గు మారుతుంది. కాస్మెటిక్ ల్యాబుల్లో దీన్ని యంత్రంతో కొలుస్తారు. చర్మం ఎంత లేత, ఎంత ఎరుపు, ఎంత పసుపు అని మూడు అంకెలు వస్తాయి. సీఐఈ అనే అంతర్జాతీయ సంస్థ 1976లో ఖరారు చేసిన పద్ధతి అది. ఆ అంకెల్లో చూస్తే మనుషులందరి చర్మమూ ఎరుపుకూ పసుపుకూ మధ్య, అంటే నారింజ కుటుంబంలోనే ఉంటుంది. వార్మ్, కూల్ అంటున్నది ఆ కుటుంబంలో కొద్దిగా అటూ ఇటూ. మధ్యలో గీత ఏదీ లేదు. ఒకే మనిషికి బుగ్గ ఒక అంకె, మెడ ఒక అంకె, ముంజేయి మరొకటి చూపిస్తాయి. ఇంత చిన్న తేడాను నరం రంగు చూసి పట్టుకోవడం సాధ్యం కాదు.

కంపెనీలు ఈ పేర్లు వాడే తీరు కూడా ఒకటి కాదు. మ్యాక్ సీసాల మీద ఎన్‌సీ అని కనిపిస్తే అది న్యూట్రల్ కూల్, కానీ దాన్ని పసుపు మొగ్గున్న చర్మానికి ఇస్తారు. ఎన్‌డబ్ల్యూ అంటే న్యూట్రల్ వార్మ్, అది గులాబీ మొగ్గున్న చర్మానికి. మరెన్నో కంపెనీల్లో ఇదే సరిగ్గా తిరగేసి ఉంటుంది. మీరు వార్మా, కూలా అన్నది పక్కాగా తెలిసినా సీసా మీది మాట మిమ్మల్ని దారి తప్పించగలదు.

ఇప్పుడు మీ రెండు సీసాల దగ్గరికి వద్దాం. చామనచాయ చర్మం మీద ఫౌండేషన్ బూడిదలా కనిపిస్తే నేను మొదట అనుమానించేది షేడ్ లేతదనాన్ని. లేత షేడ్లలో తెల్లటి టైటానియం డయాక్సైడ్ ఎక్కువ ఉంటుంది. అది మన చర్మం మీద పడితే సున్నం పొడి చల్లినట్టు, పాలిపోయినట్టు ఉంటుంది. షాపుల్లో ఒక మెట్టు తెల్లటి షేడ్ చేతిలో పెట్టడం మామూలే కాబట్టి ఆ అమ్మాయి ఇచ్చింది కూల్ కావడం కంటే లేత కావడం ఎక్కువ సాధ్యం. నారింజ విషయం దీనికి తిరగేసి చూడాలి. షేడ్ మీకంటే ముదురో, రంగు మరీ గాఢమో అయుండాలి. పైగా ఇంట్లో బాగుండి ఆఫీసుకు చేరేసరికి తిరిగిందన్నారు. కొన్ని ఫౌండేషన్లు వేసిన పావుగంట నుంచి అరగంటలో ఆరుతూ, చర్మపు జిడ్డుతో కలిసి ఒక మెట్టు ముదురుతాయి. స్కూటీ మీద చెమట పట్టే మీకు అది ఇంకా తొందరగా జరుగుతుంది. అంటే మీ రెండు పొరపాట్లూ చాలావరకు ముదురు, లేతల పొరపాట్లే. మీరు వాటిని వార్మ్, కూల్ అనే పేర్లతో వెతుకుతున్నారు. ముందు ముదురు లేత కుదిరాక, ఆ మెట్టులో ఉన్న రెండు మూడు షేడ్లలో మొగ్గు చూసుకోవాలి. ఈ వరస తప్పితే ఎన్ని సీసాలు కొన్నా ఇదే అవుతుంది.

సరిగా చూసుకునే పద్ధతి ఇది. చూసే రోజుకు ముందు నాలుగైదు రోజులు ముఖానికి పసుపు ఆపండి. పసుపు మరక చర్మం పై పొరలో కొన్నాళ్లు నిలుస్తుంది, మీ ముఖాన్ని ఉన్నదానికంటే పచ్చగా చూపిస్తుంది. ఉదయం పదకొండు ప్రాంతంలో, నేరుగా ఎండ పడని కిటికీ దగ్గరో, వరండా నీడలోనో కూర్చోండి. పక్కన ముదురు రంగు గోడ, ఒంటిమీద ఎర్రటి జాకెట్టు వద్దు. తెల్లటి తువ్వాలు భుజాల మీద కప్పుకోండి. దవడ ఎముక మీదుగా మెడలోకి దిగేలా వేలెడు పొడవు చారలు పక్కపక్కన మూడు గీయండి: ఒకటి మీ అంచనా షేడ్, ఒకటి దానికంటే లేత, ఒకటి ముదురు. ముంజేతి మీద, మణికట్టు మీద వద్దు. ఇరవై నిమిషాలు ఆగండి. ఆ తర్వాత చేయి చాచినంత దూరంలో అద్దం పెట్టుకుని చూస్తే ఒక చార కనబడకుండా కలిసిపోతుంది. అదే మీ ముదురు. ఆ మెట్టులోనే పసుపు మొగ్గుది, గులాబీ మొగ్గుది, మధ్యరకం తీసుకుని మళ్లీ మూడు చారలు గీయండి. అప్పుడు ఏది కలిసిపోతే అదే మీకు సరిపోయే మొగ్గు. దానికి పేరు అక్కర్లేదు. షేడ్ నంబర్ రాసుకుంటే చాలు.

మీకు ఇంకో చిక్కుంది. స్కూటీ వల్ల ముఖం మెడకంటే ఒక మెట్టు నల్లబడి ఉండొచ్చు. ముఖానికి కలిసే షేడ్ తీసుకుంటే మెడ తెల్లగా తేలుతుంది. మెడకు కలిసేది తీసుకుంటే ముఖం ముసుగు వేసినట్టవుతుంది. నేనైతే రెండింటికీ మధ్య షేడ్ తీసుకుని దవడ కిందికి, చెవుల వెనక్కి కూడా పలచగా లాగుతాను. పెళ్లిలో మెడ నిండా నగలుంటాయి కాబట్టి ఆ తేడా పెద్దగా బయటపడదు.

ఇక మీ ముందున్న దారులు. ఖర్చు లేనిది, మీ దగ్గరున్న రెండు సీసాలనూ కలిపి చూడటం. ఒకటి ముదురు, ఒకటి లేత అయితే మధ్యలో మీ షేడ్ దొరికే అవకాశం బాగా ఉంది. గిన్నె వెనకవైపు ఒకదానివి రెండు చుక్కలు, రెండోదానివి ఒక చుక్క కలిపి దవడ మీద చార గీయండి, తర్వాత పాళ్లు మార్చి ఇంకొకటి. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. ఒకటి సిలికాన్ ఆధారంగా, ఒకటి నీటి ఆధారంగా తయారైనదైతే అవి సరిగా కలవవు. విరిగిన పాలలా గింజలు కడతాయి, లేదా వేలితో రుద్దితే పొట్టులా ఊడతాయి. సీసా వెనక పదార్థాల వరసలో మొదట్లోనే డైమెథికోన్ లాంటి, ‘కోన్’తో ముగిసే పేర్లుంటే అది సిలికాన్ రకం. కలిపి ఐదు నిమిషాలు అలాగే ఉంచితే విరిగేదీ లేనిదీ కళ్లకే తెలుస్తుంది. విరగకపోతే మీ 1,150 రూపాయలు వృథా కాలేదు. కాకపోతే పెళ్లిరోజు హడావుడిలో చుక్కలు లెక్కపెట్టడం కష్టం కాబట్టి ముందురోజే చిన్న డబ్బాలో కలిపి పెట్టుకోవాలి.

రెండో దారి, షాపుకు వెళ్లి కొత్తది కొనడం. టెస్టర్‌తో మూడు చారలు గీయించుకుని వెంటనే బిల్లు వేయించకండి. బయటికొచ్చి, టీ తాగి, నీడలో చేతి అద్దంలో చూసుకుని మళ్లీ లోపలికి వెళ్లండి. లోపలి లైట్ల కింద మీకు ఏం చూపించినా ఒప్పుకోవద్దు. దీనికి మీ సమయం గంటసేపు పోతుంది, మళ్లీ కొంత డబ్బు పోతుంది, కానీ షేడ్ మీద అనుమానం ఉండదు. ఆన్‌లైన్‌లోనే కొనాలంటే చిన్న సైజు ట్యూబు తీసుకోండి. ఫోన్ తెర మీది షేడ్ కార్డును మాత్రం నమ్మకండి. వీడియోలు తీసేవాళ్ల కెమెరా గది లైటును బట్టి రంగును తనంతట తానే సర్దేస్తుంది. వాళ్ల మణికట్టు ఏ రంగులో ఉందో వాళ్లకే సరిగా తెలియదు.

మూడో దారి, ఆ ఒక్కరోజుకూ మేకప్ ఆర్టిస్ట్‌ను పెట్టుకోవడం. అలా అయితే ట్రయల్ తప్పక అడగండి, పగటిపూట అడగండి, ఆ ముఖంతో రెండు గంటలు ఇంట్లో తిరిగి ఫ్లాష్ వేసి ఒక ఫొటో, ఫ్లాష్ లేకుండా ఒక ఫొటో తీసుకోండి. కొన్ని ఫౌండేషన్లు, పౌడర్లు మామూలుగా బాగుండి ఫ్లాష్‌లో తెల్లగా కొడతాయి. ట్రయల్ లేకుండా పెళ్లి ఉదయమే మొదటిసారి వేయించుకుంటే, నచ్చకపోయినా కడుక్కునే టైమ్ ఉండదు.

మొగ్గు తెలుసుకోవాలన్న కుతూహలం ఇంకా ఉంటే, పెళ్లికి ముందు చుట్టాలంతా చేరినప్పుడు ఒక పని చేయండి. మీలాగే చామనచాయ ఉన్న ముగ్గురు నలుగురు అక్కచెల్లెళ్లను వరండాలో కూర్చోబెట్టి ముంజేతులు ఆనించి పక్కపక్కన పెట్టండి. ముదురు, లేత సమానంగా ఉన్నవాళ్లలో ఒకరు పసుపుగా, ఒకరు ఎర్రగా, ఒకరు కాస్త ఆకుపచ్చ జీరతో ఉండటం అప్పుడు కళ్లకు కనిపిస్తుంది. కన్ను పోల్చి చూస్తుందని చెప్పాను కదా, నరాల పరీక్షలో మోసం చేసిన ఆ గుణమే ఇక్కడ పనికొస్తుంది. అయితే అది ముంజేతి మాట. ముఖానికి మళ్లీ దవడ మీద చారలే దిక్కు.

హారం విషయంలో అండర్‌టోన్‌ను అసలు తలుచుకోకండి. ఫౌండేషన్ చర్మంలో కలిసిపోవాలి, కాబట్టి దానికి మొగ్గు ముఖ్యం. నగ చర్మం మీద తేలి కనబడాలి, దాని పని వేరు. రోజ్ గోల్డ్ మీకు నిజంగా ఇష్టమైతే అడగండి, కానీ 18 క్యారెట్ల నగలో బంగారం పాలు తక్కువ కాబట్టి రేపు మార్చుకోవాలన్నా అమ్మాలన్నా విలువ ఆ మేరకే వస్తుందని తెలిసి అడగండి. వెండి ఇష్టమైతే ఇంకో వేడుకకు వెండి కంటె ఒకటి కొనుక్కోవచ్చు, హారంలో సగం ఖర్చు కూడా కాదు. 22 క్యారెట్లు వద్దనడానికి కారణం మీ మణికట్టు, మీ వదిన చూసిన గొలుసు మాత్రమే అయితే, అవి చాలిన కారణాలు కావు.

అమ్మతో షాపుకు వెళ్లేరోజు ఆ పెళ్లి చీర జాకెట్టు ముక్క వెంట తీసుకెళ్లండి. దాన్ని మెడ కింద పెట్టుకుని, హారం దాని మీద వేసుకుని, షాపువాళ్లను అడిగి గుమ్మం దగ్గర పగటి వెలుతురులో ఒక ఫొటో తీయించుకోండి. పొడవు ఎక్కడిదాకా వస్తోంది, జరీతో కలిసిపోతోందా, తేలుతోందా, లాకెట్టు మీ మెడకు పెద్దదైందా అన్నవి అమ్మా మీరూ ఆ ఫొటోలో చూసి మాట్లాడుకోండి.